వార్డుకు రాసిన రాజీనామా మెయిల్

కర్నూలు ఆసుపత్రి ఉద్యోగం వదిలి ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరుతున్నా. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి మెయిల్ పెట్టాను. కారణం, నెల నోటీసు, చివరి డ్యూటీ తేదీ నాలుగు లైన్లలో అయిపోయాయి. బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది పనిచేసినట్టు కాగితం లేకపోతే సీటు రాదు కాబట్టి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీ రెండూ ఉండాలని అడిగాను.

టైం పట్టింది థ్యాంక్స్ దగ్గరే. "అందరికీ కృతజ్ఞతలు" అని రాసి కొట్టేశాను, అది ఎవరికీ చెందదు. పొటాషియం క్లోరైడ్ నేరుగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చని, సెలైన్‌లో కలిపి, బాటిల్ బాగా తిప్పి, లేబుల్ రాసి, డ్రిప్ నెమ్మదిగానే పోవాలని పక్కన నిలబడి నేర్పిన సీనియర్ అక్కకు విడిగా రాశాను. పేషెంట్ ముఖం చూసి "సిస్టరమ్మా, ఈయప్ప తేడాగా ఉన్నాడు" అని మానిటర్ కంటే ముందు చెప్పే ఆయమ్మకూ.

మేడమ్ జవాబు: "సంతోషం తల్లీ. స్టాక్ రిజిస్టర్ అప్పగించి పో."