ముల్లు 7 మీదే ఉంది, కానీ అంకె 6

చెన్నై పెరంబూరులో మా పెదనాన్న ఇంట్లో అద్దెకిచ్చిన పై పోర్షన్‌కి పాతకాలపు కరెంటు సబ్ మీటర్ ఉంది. ఇప్పటి మీటర్లలా అంకెలు కనబడవు. వరసగా ఐదు చిన్న డయళ్లు, ఒక్కోదానిలో ఒక ముల్లు. ఎడమ నుంచి పదివేలు, వేలు, వందలు, పదులు, ఒకట్లు. మీటర్ ఎత్తులో ఉంది, ఆయనకు స్టూల్ ఎక్కడం కష్టం. అందుకని కింద నిలబడి ఫోన్ పైకెత్తి ఫోటో తీసి, వేళచేరిలో ఉన్న నాకు పంపుతారు. రీడింగ్ రాసి లెక్క కట్టేది నేను.

పోయిన నెల ఫోటో కింద ఆయనే "47,981" అని రాసి పంపారు. నేను మాత్రం ఆ అంకె పక్కన పెట్టి, ముందు ఫోటో ఒక్కటే చూసి రాస్తాను. పాత రీడింగ్ కూడా అప్పుడే తెరవను. ఎంత రావాలో ముందే తెలిస్తే కన్ను అటే లాగుతుంది.

ఈ మీటర్‌లో పక్కపక్క డయళ్ల ముళ్లు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, పళ్లచక్రాలు ఒకదాన్నొకటి తిప్పుతాయి కాబట్టి. ఒకట్ల ముల్లు గడియారంలా తిరిగితే పదుల ముల్లు దానికి ఎదురు. కాబట్టి ప్రతి డయల్‌లోనూ అంకెలు ఏ వైపు పెరుగుతున్నాయో చూసుకోవాలి. ముల్లు రెండు అంకెల మధ్య ఉంటే చిన్నదే రాయాలి. 9కీ 0కీ మధ్య ఉంటే 9 రాయాలి, అక్కడ 0 అంటే పది.

కుడి నుంచి మొదలుపెట్టాను. ఒకట్ల ముల్లు 1 దాటింది. పదుల ముల్లు సరిగ్గా 8 గీత మీద ఉన్నట్టు కనిపించింది. 7 రాయాలా, 8 రాయాలా? దీనికి జవాబు కుడి పక్క డయల్ చెబుతుంది. ఒకట్ల ముల్లు 0 దాటి 1కి వచ్చింది కాబట్టి పదుల ముల్లు 8ని అప్పుడే దాటింది. 8 రాశాను. వందల ముల్లు 9కీ 0కీ మధ్య ఉంది, అది 9.

చిక్కంతా వేల డయల్ దగ్గర. ముల్లు 7ని వెంట్రుకవాసి దాటినట్టే కనబడుతోంది. పెదనాన్న 7 రాయడానికి కారణం అదే. కానీ వందల ముల్లు ఇంకా 0కి చేరలేదు. అది 0 దాటితే తప్ప వేల ముల్లు 7కి రాదు. కాబట్టి 6. పదివేల ముల్లు 4కీ 5కీ మధ్య ఉంది. మొత్తం 46,981.

మరి దాటినట్టు ఎందుకు కనిపించింది? ముల్లు డయల్ ముఖానికి అంటుకుని ఉండదు, కాస్త ఎత్తుగా ఉంటుంది. కింద నుంచి ఫోటో తీస్తే ముల్లు మొన అంకెలకంటే పైకి జరిగినట్టు పడుతుంది. 0 పైన, 5 కింద ఉండే డయల్‌లో 7, 8 దగ్గరున్న ముల్లు ముందుకెళ్లినట్టు, 2, 3 దగ్గరున్నది వెనకబడ్డట్టు అనిపిస్తుంది.

అప్పుడు పాత రీడింగ్ తెరిచాను: 46,812. తేడా 169 యూనిట్లు. 47,981 అయితే 1,169 యూనిట్లు అయ్యేవి. పై పోర్షన్‌లో ఉండేది ఇద్దరే, ఏసీ కూడా లేదు. ఆ బిల్లు వాళ్ల చేతిలో పెట్టి ఉంటే ఎంత బాధపడేవారో! పాత ఫోటో కూడా చూశాను. అందులో వేల ముల్లు 6.8 దగ్గర ఉండాల్సింది, 6.9 దగ్గర కనబడింది. అప్పుడు కూడా అంతే కోణం.

నోట్‌బుక్‌లో ఒట్టి అంకె రాసి వదలలేదు. "46,981. వేల ముల్లు 7 మీద ఉన్నట్టుంది. వందలు 9–0 మధ్య, అందుకే 6. ఫోటో కింద నుంచి తీసింది" అని రాశాను. రేపు అద్దెకున్నవాళ్లు అడిగితే అంకెతో పాటు కారణం కూడా చూపించాలి కదా.

పెదనాన్నకు ఫోన్ చేస్తే, "నా కళ్లకి 7 మీదే ఉందమ్మా, ఆ ఫోటో నువ్వూ చూశావుగా" అన్నారు.

"కళ్లు సరిగ్గానే చూశాయి పెదనాన్నా. దాని పక్క డయల్ కూడా చూడాలి. నాలుగు రోజులాగి నేనే వచ్చి తీస్తాను" అన్నాను.

ఆదివారం వెళ్లి, స్టూల్ ఎక్కి, ఫోన్‌ని మీటర్‌కి ఎదురుగా అదే ఎత్తులో పట్టుకున్నాను. గాజు మీద మెరుపు పడకుండా ఫ్లాష్ ఆపి, వరండా లైటు వేయించాను. ఒకట్ల ముల్లు 3 దాటింది. పదుల ముల్లు 0కీ 1కీ మధ్య, వందలది 0ని అప్పుడే దాటి ఉన్నాయి. వేల ముల్లు 7 గీత మీదే ఉంది, కింద నుంచి తీసిన ఫోటోలో కనిపించిన చోటే. ఈసారి వందల ముల్లు 0 దాటింది కాబట్టి 7 రాశాను: 47,003. నాలుగు రోజులకు 22 యూనిట్లు. పెదనాన్న రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని, వేల డయల్ వదిలేసి వందల డయల్ దగ్గరే చాలాసేపు చూశారు.