పిల్లలు వద్దన్న ప్రెస్‌ను మేనేజర్‌కు అప్పగించాను

ప్రింటింగ్ ప్రెస్ నా తర్వాత ఎవరు చూస్తారని అడిగినప్పుడల్లా పిల్లలిద్దరూ "చూద్దాంలే నాన్నా" అనేవారు. అది ఒప్పుకోవడమే అనుకుని ఏళ్లు గడిపేశాను. చివరికి ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టుకుని, "రేపు నేను లేకపోతే ప్రెస్‌ను ఏం చేస్తావు?" అని అడిగాను. "అమ్మేస్తాను. నువ్వు బాధపడతావనే ఇన్నాళ్లూ చెప్పలేదు" అంది అమ్మాయి. అబ్బాయి మాటా అదే. చాలా నొచ్చుకున్నాను. కానీ వాళ్లను బలవంతంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే నష్టపోయేది వాళ్లే.

పద్దెనిమిదేళ్లుగా నాతో ఉన్న మేనేజర్‌ను అడిగాను. "నడపగలను సార్, కొనేంత డబ్బు లేదు" అన్నాడు.

ముందు నేను నెల రోజులు ప్రెస్‌కు వెళ్లడం మానేశాను, ఫోను కూడా ఎత్తలేదు. యంత్రాలు బాగానే నడిచాయి. ఆగిపోయినవి రెండే: పెద్ద ఆర్డర్లకు రేటు చెప్పడం, కాగితం అప్పు మీద తెచ్చుకోవడం. రెండూ నా తలలోనే ఉండేవి. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి కొటేషన్ అతనే రాశాడు, నేను పక్కన కూర్చుని చూశాను. కాగితం ఇచ్చేవాళ్ల దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం.

ధర కట్టేటప్పుడే నా పొరపాటు బయటపడింది. పుస్తకాల్లో లాభం వంద అనుకుంటే, అందులో నేను తీసుకోని జీతం, సొంత స్థలానికి కట్టని అద్దె కలిసి ఉన్నాయి. అవీ పన్నూ పోతే మిగిలింది 60. దానికి నాలుగు రెట్లు, 240 అనుకున్నాం. స్థలం మా కుటుంబానికే ఉంచి అతనికి అద్దెకిచ్చాను. ముందుగా 48 ఇచ్చాడు, మిగిలిన 192 లాభంలోంచే తీర్చాలి. ఆరేళ్లలో అయితే ఏటా 32. లాభం సగానికి పడిపోతే చేతికి వచ్చేది 30 మాత్రమే, వాయిదా కట్టలేడు. అందుకే ఎనిమిదేళ్లకు పెంచి ఏటా 24 చేశాం, వడ్డీ వేరు. బాకీ తీరేదాకా వాటాలు నాకు తాకట్టులో ఉంటాయి.

అందరూ మరిచిపోయేది బ్యాంకు హామీ. ప్రెస్ అప్పుకు నేను వ్యక్తిగతంగా సంతకం పెట్టి ఉన్నాను. ప్రెస్ అమ్మినంత మాత్రాన ఆ సంతకం చెల్లకుండా పోదు. అతను కట్టలేకపోతే బ్యాంకు నా ఇంటికే వస్తుంది. ఆ హామీ విడుదల చేస్తూ బ్యాంకు రాసిచ్చిన కాగితం చేతికొచ్చేదాకా అమ్మకం పత్రం మీద సంతకం చేయలేదు. దానికే ఐదు నెలలు పట్టింది.

ఒప్పందం చదివే రోజు పిల్లలను పిలిచాను. వాయిదాల్లో ఎవరికెంతో వాళ్ల ముందే రాయించాను. అబ్బాయి రెండుసార్లు చదివి, "అద్దె ఎన్నేళ్లకు మారుతుందో రాయలేదు నాన్నా" అన్నాడు. ఆ షరతు అక్కడికక్కడే చేర్చాం.