పన్నెండు మందికీ అయిదే

పార్వతీపురం దాటాక కాసేపటికే రాయగడ వస్తుంది. దూరం తక్కువే, కానీ దిగాక రాష్ట్రం వేరు. అక్కడి ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. నా కింద పన్నెండు మంది ఫిట్టర్లు, సగం మంది తెలుగువాళ్ళు, సగం మంది ఒడియావాళ్ళు. మొదటి అప్రైజల్‌లో అందరికీ అయిదుకి అయిదు ఇచ్చేశాను. ఒక్కరికి తగ్గించినా "తన భాషవాళ్ళనే చూసుకున్నాడు" అంటారేమోనని భయం. పైగా పక్క డిపార్ట్‌మెంట్లలోనూ అందరికీ అయిదులే.

ఇంక్రిమెంట్ డబ్బు మాత్రం రేటింగులతో పాటు పెరగదు కదా. ఒక్కొక్కరి జీతం ఇరవై వేలు. బడ్జెట్ 8 శాతం, అంటే పన్నెండు మందికీ కలిపి నెలకి 19,200. సమానంగా పంచితే తలా 1,600. ఒక ఒడియా ఫిట్టర్ రోజూ పంపుల బేరింగ్ వేడి, శబ్దం నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఒక పంపు పట్టేయకముందే చెప్పి బేరింగ్ మార్పించాడు. గ్రీజు రౌండ్లు ఎగ్గొట్టేవాడికీ అంతే వచ్చింది. ఆ ఫిట్టర్ లెటర్ పట్టుకుని వచ్చి, "సార్, ఇంక ఆ పుస్తకం రాయను" అన్నాడు. నాకు మాట రాలేదు.

మరుసటి ఏడాది మొదట్లోనే అందరినీ కూర్చోబెట్టి అంకెలకి అర్థం చెప్పాను. షెడ్యూల్ పని వేళకి, సరిగ్గా చేస్తే మూడు. అది తప్పు చేసినట్టు కాదు, పని చేసినట్టు. తన పనితో పాటు పక్కవాడి ఇబ్బందీ తీరిస్తే నాలుగు. బ్రేక్‌డౌన్ రాకముందే పసిగట్టి ఆపితే అయిదు. ఈ మాట ముందే చెప్పకపోతే, నిన్నటి అయిదు ఇవాళ మూడైనవాడు శిక్ష పడిందనుకుంటాడు. ఏడాది చివర్లో జరిగిందే గుర్తుండిపోకుండా, నెలనెలా ఒక్కొక్కరి గురించి రెండు లైన్లు రాసుకున్నాను.

లెటర్లు ఇవ్వకముందు ముగ్గురు షిఫ్ట్ ఇంజనీర్లు, ఎలక్ట్రికల్ హెడ్, నేను ఒక గదిలో కూర్చున్నాం. ఎవరికి అయిదు అన్నా "ఏం చేశాడు, ఏ తారీఖున?" అని మిగతావాళ్ళు అడగాలి. జవాబు లేకపోతే అంకె దిగుతుంది. తెలుగువాళ్ళ విషయంలో నన్ను ఒడియా ఇంజనీర్లే నిలదీశారు. దాంతో నా పాత భయం పోయింది.

ఇంతమందికి అయిదు, ఇంతమందికి రెండు అని కోటా మాత్రం పెట్టలేదు. పన్నెండు మందిలో శాతాలు లెక్కేస్తే బాగా పనిచేసినవాణ్ణీ బలవంతంగా కిందికి తోయాల్సి వస్తుంది. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే 2013లో అలాంటి పద్ధతి వదిలేసింది.

చివరికి ఇద్దరికి అయిదు, ముగ్గురికి నాలుగు, ఆరుగురికి మూడు, ఒకరికి రెండు వచ్చాయి. అదే 19,200ని 2,600, 2,000, 1,250, 500 చొప్పున పంచాం. రెండు వచ్చినవాడు గొడవకొచ్చాడు. గ్రీజు రిజిస్టర్ తెరిచి ఖాళీ గళ్ళు చూపించాను. కాసేపు చూసి, "ఈ నెల నుంచి నా సంతకం నేనే పెడతాను బాబూ" అన్నాడు.