స్ట్రిప్‌పై ముదురు గీత వచ్చినా అండం విడుదల కాలేదు: నా అనుభవం

నాకు పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉంది, నెలసరి క్రమంగా రాదు. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలుసుకోవాలని గుంటూరు కొత్తపేటలోని ఒక మందుల షాపులో ఓవ్యులేషన్ స్ట్రిప్‌లు కొన్నాను. మధ్యాహ్నం వేళ, అంతకుముందు కొన్ని గంటలు నీళ్లు ఎక్కువ తాగకుండా ఉండి, మూత్రంలో స్ట్రిప్‌ను గుర్తు వరకే ముంచి, బల్లమీద పెట్టి చూసేదాన్ని. స్ట్రిప్‌పై ఎప్పుడూ వచ్చే కంట్రోల్ గీతతో సమానంగా గానీ అంతకంటే ముదురుగా గానీ టెస్ట్ గీత వస్తేనే పాజిటివ్. నాకు అలాంటి గీత రోజుల తరబడి వస్తూనే ఉంది.

అలా ఎందుకు జరుగుతుందో మా గైనకాలజిస్టు ఓపికగా వివరించారు. స్ట్రిప్‌లో రంగు కణాలు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి. అవి మూత్రంలోని ఎల్‌హెచ్ హార్మోనును పట్టుకుని ముందుకు సాగి, టెస్ట్ గీత దగ్గర ఆగుతాయి కనుక హార్మోను ఎక్కువయ్యే కొద్దీ గీత ముదురుతుంది. చాలా స్ట్రిప్‌లు మిల్లీలీటరుకు సుమారు 25 మిల్లీ యూనిట్ల దగ్గర పాజిటివ్ చూపుతాయి. మామూలుగా ఎల్‌హెచ్ తక్కువగా ఉండి, ఒక్కసారిగా ఉవ్వెత్తున పెరుగుతుంది. ఆ పెరుగుదల మొదలైన సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో మెదడు నుంచి వచ్చే సంకేతాలు వేగంగా ఉండడం వల్ల ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువ స్థాయిలోనే ఉండిపోవచ్చు. అప్పుడు స్ట్రిప్ తప్పు చెప్పినట్లు కాదు, హార్మోను నిజంగానే ఉంది; కానీ దానికి స్పందించేంత పెద్దదైన ఫాలికల్, అంటే అండం పెరిగే చిన్న సంచి, అండాశయంలో లేదు.

నా విషయంలో అదే తేలింది. గీత ముదురుగా ఉన్న రోజునే ఫాలికల్స్ ఎదుగుదల చూసే స్కానింగు, ఫాలిక్యులర్ స్టడీ చేయించుకుంటే, అన్నిటికంటే పెద్ద ఫాలికల్ 9 మిల్లీమీటర్లే ఉంది. పక్వమైన ఫాలికల్ సాధారణంగా 18 నుంచి 24 మిల్లీమీటర్ల వరకు ఉంటుందట. వారం తరువాత చేసిన ప్రొజెస్టిరాన్ రక్తపరీక్షలో విలువ మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కూడా దాటలేదు. అండం విడుదలై ఉంటే అది 3 పైనే ఉండాలి. ఆ వారం అంతా ఎంతో ఆశపడ్డాము కనుక ఆ కాగితం చూడడం మా ఇద్దరికీ కష్టమైంది.

తరువాతి చక్రంలో డాక్టరుగారు అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్ మాత్రలు ఇచ్చి, మాత్రల కోర్సు పూర్తయ్యాక కొన్ని రోజులు ఆగి స్ట్రిప్‌లు మొదలుపెట్టమన్నారు. ఈసారి ఒక్క గీతను బట్టి నిర్ణయించకుండా, ప్రతి రోజు స్ట్రిప్‌నూ తేదీ వేసి నోటుపుస్తకంలో అంటించాను. గీత లేతగా సాగి, ఒక రోజు కంట్రోల్‌ను మించి ముదిరి, ఆ మరునాటికే మళ్లీ పలచబడింది. ముదిరిన రోజు స్కానింగులో ఫాలికల్ 20 మిల్లీమీటర్లు ఉంది, రెండు రోజుల తరువాత చూస్తే అది కుంచించుకుపోయింది. వారం తరువాత ప్రొజెస్టిరాన్ 11 వచ్చింది.