మా పాప కడుపునొప్పి గురించి క్లాస్ టీచర్ గారికి

మేడమ్, నమస్కారం. మూడో తరగతిలో ఈ మధ్య తరచూ కడుపునొప్పి అంటున్న పాప వాళ్ళ అమ్మను. మీరు మూడుసార్లు ఫోన్ చేసి తీసుకెళ్లమన్నారు, ప్రతిసారీ ఇంటికొచ్చిన గంటకే ఆడుకునేది, అందుకని స్కూలు ఎగ్గొట్టడానికి చెబుతోందేమో అని నేనే అనుకున్నాను. ఒకసారి గట్టిగా తిట్టాను కూడా. అది తప్పు. అసలు సంగతి తెలిసింది కాబట్టి మీకు రాస్తున్నాను.

మొదట నులిపురుగుల మందు, గ్యాస్ సిరప్ వాడాం, ఏమీ తేడా రాలేదు. తర్వాత పిల్లల డాక్టరు గారు రెండు వారాలు క్యాలెండర్‌లో రాయమన్నారు, నొప్పి ఎప్పుడు వచ్చింది, ఏం తింది, దొడ్డికి ఎప్పుడు వెళ్లింది అని. రాసి చూస్తే ఆ రెండు వారాల్లో నాలుగుసార్లే వెళ్లింది, అదీ ఏడుస్తూ. నొప్పి మాత్రం దాదాపు ఎప్పుడూ తిన్న అరగంటకో గంటకో వచ్చింది. పాప చెయ్యి బొడ్డు చుట్టూ చూపించింది కానీ డాక్టరు గారు నొక్కి చూస్తే పొత్తికడుపు ఎడమ వైపు గట్టిగా తగిలింది. మలబద్ధకం అన్నారు. కారణం పాపే నెమ్మదిగా చెప్పింది: స్కూల్లో టాయిలెట్ గడియ సరిగా పడదు, ఎవరో తలుపు తోశారు, అప్పటినుంచి ఇంటికెళ్లేదాకా బిగబట్టుకుంటోంది.

తిన్నాక పేగు సహజంగానే కదులుతుందట, అప్పుడే దొడ్డికి వస్తుంది. అప్పుడు ఆపుకుంటే మలం లోపలే ఉండి, అందులో నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది, ఆ భయంతో మళ్ళీ ఆపుకుంటుంది. ఇలా నెలలు గడిస్తే పేగు చివర సాగిపోయి, వచ్చిన సంగతి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. ఆగస్టులో రెండుసార్లు బట్టలకు మరక అంటింది కదా, అది అజాగ్రత్త కాదు మేడమ్, గట్టిపడిన దాని పక్కనుంచి పలచనిది తెలియకుండా కారిపోవడమే. పిల్లలెవరైనా ఆ మాట ఎత్తితే దయచేసి అక్కడే ఆపండి.

పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి నీళ్లలో కలిపి ఇస్తున్నాం. మొదటి కొన్ని రోజులు కడుపు ఖాళీ కావడానికి ఎక్కువ మోతాదు కాబట్టి స్కూలుకు పంపలేదు, సెలవు చీటీలో జ్వరం అని రాశాను, మన్నించండి. ఇప్పుడు ఏడో వారం. దాదాపు రోజూ మెత్తగా వెళ్తోంది, నొప్పి వారానికి ఒకసారి వస్తే ఎక్కువ. బాగుంది కదా అని ముందే మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుందని, ఇంకొన్ని నెలలు వాడాలని చెప్పారు.

పొద్దున ఇదివరకు పెద్ద గ్లాసు పాలు తాగి పరుగున వ్యాన్ ఎక్కేది. ఇప్పుడు ఆరుంపావుకి లేపి, రెండు ఇడ్లీలో ఒక దోసో పెట్టి, కాళ్ల కింద పీట వేసి పది నిమిషాలు టాయిలెట్‌లో కూర్చోబెడుతున్నాను. బ్రేక్‌కి బిస్కెట్లు, చిప్స్ మానేసి ఒక ఇడ్లీ, జామకాయ ముక్కలు లేదా అరటిపండు పెడుతున్నాను. డబ్బా చిన్నగా ఉందని, మిగిల్చిందని అనుకోకండి, బలవంతంగా తినిపించొద్దు. కానీ నీళ్ల సీసా మాత్రం మధ్యాహ్నానికి ఒకసారి ఖాళీ కావాలి, అది ఒక్కసారి చూడండి.

నేను అడిగే పెద్ద సాయం టాయిలెట్ గురించే. పాపకు వచ్చిందంటే ఆగే వ్యవధి ఉండదు, పైగా అందరి ముందు అడగడానికి సిగ్గు. బ్యాగ్‌లో పసుపు రంగు చీటీ పెట్టాను. అది బల్ల మీద పెడితే పరీక్ష జరుగుతున్నా సరే పంపేయండి, త్వరగా రమ్మనకండి. వీలైతే ఆయమ్మ తలుపు దగ్గర నిలబడితే చాలు, గడియ భయం పోతుంది. అన్నం తిన్నాక అయిదు నిమిషాలు వెళ్లి కూర్చోమని గుర్తు చేసినా మేలే, రాకపోయినా పర్వాలేదు.

నొప్పి అంటే ముందు టాయిలెట్‌కి పంపండి, చాలాసార్లు అక్కడే తగ్గిపోతుంది. కానీ ఆకుపచ్చగా వాంతి అయినా, జ్వరం ఉన్నా, నొప్పి కుడివైపు కిందకు దిగినా, నిటారుగా నడవలేకపోయినా అది ఈ నొప్పే అనుకోవద్దు. వెంటనే నాకు ఫోన్ చేయండి, నేను వచ్చేస్తాను.

బ్యాగ్ ముందు జిప్పులో ఒక జత బట్టలు, ఒక కవరు ఉన్నాయి. అవసరమైతే ఆయమ్మకు ఇవ్వండి, తడిసినవి ఆ కవర్లోనే వేసి పంపితే నేను ఉతుక్కుంటాను.

ఇట్లు,
పాప వాళ్ళ అమ్మ