ఏమీ తోచని ఏడు రోజులు

ప్రూఫులు చూడటం నా పని. ముప్పై ఏళ్లుగా అచ్చుతప్పులు ఏరుతున్న కంటికి ఒకరోజు అక్షరాలే కనబడటం మానేశాయి. 'కమలం' అని ఉన్నచోట క, లం కనిపిస్తున్నాయి, నడిమి అక్షరం స్థానంలో బూడిదరంగు మరక. పేజీ అంచున ఉన్న నిలువు గీత మధ్యలో వంకర తిరిగింది. మొదట కంపోజింగ్ తప్పనుకున్నాను, తర్వాత కళ్లజోడు మీదకు నెట్టాను. నా ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మందం, పెద్ద అక్షరాలు తప్ప పట్టుకోదు. కుడికన్నే నా జీవనాధారం.

స్కాన్ చూసిన డాక్టరు మాక్యులర్ హోల్ అన్నారు. చూపు అన్నిటికన్నా పదునుగా ఉండే రెటీనా నడిబొడ్డులో పడిన రంధ్రం. వయసు పైబడేకొద్దీ కంట్లోని జెల్లీ లాంటి పదార్థం రెటీనాను వదులుకుంటూ వస్తుంది. కొందరిలో అది సాఫీగా వదలదు, ఆ నడిబొడ్డును పట్టుకు లాగుతుంది. నా రంధ్రం 400 మైక్రాన్లు దాటింది. అంటే మిల్లీమీటరులో సగం లోపే, అయినా వాళ్ల లెక్కలో పెద్దదే. ఆపరేషన్‌లో ఆ జెల్లీ తీసేసి, రంధ్రం చుట్టూ ఉన్న పలచని పొర ఒలిచి, కంట్లో C3F8 అనే గ్యాస్ బుడగ నింపారు. అది ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దానంతటదే కరిగిపోతుంది.

అసలు కథ ఆ బుడగతో మొదలైంది. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. రంధ్రమేమో కంటి వెనక గోడకు ఉంది. తల పూర్తిగా నేలకేసి పెడితే ఆ వెనక గోడ పైకప్పు అవుతుంది, బుడగ వెళ్లి దానికి ఆనుకుంటుంది, అంచులు దగ్గరవుతాయి. చిన్న రంధ్రాలకు ఈ పట్టింపు అంతగా ఉండనక్కర్లేదట. నాకు మాత్రం "ఏడు రోజులు, గంటలో యాభై నిమిషాలు తల దించే ఉండాలమ్మా. పది నిమిషాలు మీవి" అన్నారు. ఆ పది నిమిషాల్లోనే తిండి, చుక్కల మందు, బాత్రూం.

మొదటి రెండు రోజులు గడిచిపోయాయి. కన్ను సలుపుతోంది, మెడ పట్టేసింది, మధ్యమధ్యలో మగత. నొప్పి ఉన్నప్పుడు పొద్దుపోవడం గురించి ఎవరూ ఆలోచించరు. మూడోరోజు పొద్దున నొప్పి తగ్గింది. దాని వెనకే బోర్ దిగింది.

దీనికి మన భాషలో మూడు మాటలున్నాయి, మూడూ నాకు విడివిడిగా అనుభవమయ్యాయి. పొద్దుపోవట్లేదు అంటాం: అది కాలం గురించి. గంట అయిందనుకుని అడిగితే పన్నెండు నిమిషాలు అయ్యుండేది. విసుగు అంటాం: అది ఒంట్లో ఉండే చికాకు. కాళ్లు ఊరికే కదులుతాయి, దవడ బిగుస్తుంది, పక్కవాళ్ల మాట గుచ్చుకుంటుంది. ఇక మూడోది, ఏమీ తోచట్లేదు. అసలు విషయం ఈ మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. ఏదో చెయ్యాలని ఉంటుంది. ఏం చెయ్యాలో మాత్రం మనసుకు అందదు. ఏదీ అక్కర్లేని వాడికి, హాయిగా ఊరికే కూర్చున్న వాడికి ఈ మాట పనికిరాదు.

కన్ను కుదుటపడ్డాక దీని గురించి వెతికి చదివాను. జాన్ ఈస్ట్‌వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2012లో ఇచ్చిన నిర్వచనం దాదాపు ఇదే: తృప్తినిచ్చే పనిలో నిమగ్నం కావాలని ఉండీ కాలేకపోవడం. బోర్ అంటే ఖాళీతనం కాదు, ధ్యాస దేనికీ తగులుకోకపోవడం అని వాళ్ల వాదన. ఆ మూడోరోజున ఈ సంగతి నాకు తెలియదు. నాకు వినడానికి ఏమీ లేక బోర్ కొడుతోందనుకున్నాను. మా అమ్మాయి ఫోన్‌లో నలభై ఆడియో కథలు ఎక్కించి పెట్టింది, "ఇక నీకు పొద్దు చాలదమ్మా" అంది.

ఒక కథ రెండు నిమిషాలు విని నచ్చలేదని మార్చాను. రెండోది ఒక నిమిషం. మూడోదాన్ని గొంతు బాగాలేదని మార్చాను. మధ్యాహ్నానికి పదిహేను కథల మొదళ్లు విన్నాను, ఒక్కదాని పేరూ గుర్తులేదు. మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం బోర్. ఈ పని మీద కాటీ టామ్, మైకేల్ ఇంజ్లిక్ట్ 2024లో ప్రయోగాలు ప్రచురించారు. వీడియోలు ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటుకుంటూ వెళ్తే బోర్ తగ్గుతుందని జనం అనుకుంటారు. తీరా చూస్తే ఒకే వీడియోను కదలకుండా చూసినవాళ్ల కన్నా దాటుకుంటూ పోయినవాళ్లకే ఎక్కువ బోర్ కొట్టింది. దేంట్లోనూ దిగకముందే బయటికొచ్చేస్తే ధ్యాస ఎక్కడ తగులుకుంటుంది?

ఆ సాయంత్రమే తప్పు చేశాను. గంటలో ఇరవయ్యో నిమిషం. ఒంట్లో ఏ బాధా లేదు. ఫోన్ టింగుమంది. తల ఎత్తాను. ఎత్తడమే కాదు, వెనక్కి వాలి కూర్చున్నాను, కిటికీ వైపు చూశాను. బుడగ ఉన్న కంటికి ఎలాగూ వెలుతురు తప్ప ఏమీ కనబడదు. అయినా చూశాను. ఎంతసేపో తెలియదు, మా ఆయన వచ్చి "అదేంటి?" అనేదాకా. కన్ను పోవచ్చని తెలిసి, ఎవరో పంపిన గుడ్ ఈవెనింగ్ కోసం. ఆ రాత్రి సిగ్గుతో నిద్రపట్టలేదు.

తర్వాత ఒక ప్రయోగం గురించి చదివి కొంచెం ఊరట పొందాను. టిమోతీ విల్సన్ బృందం 2014లో మనుషుల్ని పదిహేను నిమిషాలు ఖాళీ గదిలో ఆలోచనలతో వదిలేసింది. కావాలంటే నొక్కుకోవడానికి ఒక బటన్ పెట్టింది, నొక్కితే కరెంటు షాక్. ఆ షాక్ ముందే రుచి చూసి, డబ్బిచ్చైనా తప్పించుకుంటామన్నవాళ్లు వీళ్లు. వాళ్లలో 18 మంది మగవాళ్లకు 12 మంది, 24 మంది ఆడవాళ్లకు ఆరుగురు బటన్ నొక్కుకున్నారు. కదలకుండా ఉండటం కన్నా నొప్పే నయమనిపించింది కాబోలు. నేను నొక్కిన బటన్ కిటికీ.

బోర్‌ను ఎందుకు తట్టుకోలేం? బోర్ అంటే మందకొడిగా, నిద్రమత్తుగా ఉండటమని మన ఊహ. నా అనుభవంలో అది తప్పు. గుండె గబగబా కొట్టుకునేది. జేమ్స్ డాంకర్ట్, కాలీన్ మెరిఫీల్డ్ 2014లో కొలిచి చూస్తే, దిగులుగా ఉన్నప్పటి కన్నా బోర్‌లో గుండెవేగం పెరుగుతూ పోయింది. లేచి పరుగెత్తడానికి ఒళ్లు సిద్ధమవుతుంది, పరుగెత్తే చోటు కనబడదు. ఆకలి లాంటి సంకేతం ఇది. 'ఇప్పుడున్నది చాలట్లేదు, వేరేది చూసుకో' అని చెబుతుంది. ఏది చూసుకోవాలో చెప్పదు, అక్కడే చిక్కు. చేతికందిన మొదటిది నోట్లో వేసుకుంటాం.

నాలుగోరోజు ఒక చిన్న సంగతి దొరికింది. పక్కగదిలో మా ఆయన టీవీ పెట్టుకునేవారు, నాకు ఇబ్బంది కాకూడదని బాగా తగ్గించి. మాటలు అర్థం కావు, గొణుగుడు వినిపిస్తుంది. ఆ రోజు కరెంటు పోయింది. అప్పటిదాకా చప్పగా ఉన్న అదే కథ ఉన్నట్టుండి పట్టు చిక్కింది. ఆశ్చర్యపోయాను. 1989లోనే రాబిన్ డామ్రాడ్-ఫ్రై, జేమ్స్ లెయిర్డ్ దీన్ని పరీక్షించారని తర్వాత తెలిసింది. టేపు వింటున్నవాళ్ల పక్కగదిలో టీవీ పెట్టారు. చప్పుడు గట్టిగా ఉంటే జనం దాన్నే తిట్టుకున్నారు. గమనించీ గమనించనంత తక్కువగా ఉన్నప్పుడే టేపు బోర్‌గా ఉందన్నారు. ధ్యాస ఎందుకు జారుతోందో తెలియకపోతే చేతిలో ఉన్నదాని మీద నేరం మోపుతాం. కరెంటు వచ్చాక ఆయన్ను బతిమాలి టీవీ ఆపించాను. ఆ పూట ఆయనకు బోర్ కొట్టింది, అది వేరే సంగతి.

ఆ తర్వాత రెండే రెండు పనులు చేశాను. ఎంచుకున్న కథ పదిహేను నిమిషాల దాకా మార్చకూడదని పట్టుబట్టాను. ఇంకోటి మా అమ్మాయి ఆలోచన: నా దగ్గర మిగిలిన ప్రూఫులు తను పైకి చదువుతుంది, తప్పు వినబడితే నేను ఆపాలి. 'కాని'కీ 'కానీ'కీ తేడా చెవితో పట్టుకోవడం కష్టం. ఆ కష్టమే పనికొచ్చింది. తను నెమ్మదిగా, తేలిక పేజీలు చదివితే మళ్లీ మనసు జారిపోయేది. మరీ వేగంగా చదివితే అందక జారిపోయేది. మధ్యలో ఎక్కడో ఒక వేగం దగ్గర గంట కనబడకుండా పోయింది.

అన్నిటికీ మందు దొరకలేదు. ఆరోరోజు మధ్యాహ్నం తను ఆఫీసుకెళ్లింది, ఏ కథా తగల్లేదు. మంచం అంచుకు నుదురు ఆనించి నేల మీది గచ్చు వైపు ఉండిపోయాను. చికాకు పైకి లేచి, కొంతసేపు ఊపి, దానంతటదే తగ్గింది. మళ్లీ లేచింది. తల మాత్రం ఎత్తలేదు.

ఏడు రోజులయ్యాక తల ఎత్తుకోమన్నారు. స్కాన్‌లో రంధ్రం మూసుకుంది. అప్పుడు నేను ఎగిరి గంతేయాలి కదా. రోజంతా కుర్చీలో కూర్చునేదాన్ని. కథలు వద్దు, ప్రూఫులు వద్దు, ఫోన్ వద్దు. "ఓపిక వచ్చింది నీకు" అని మా ఆయన మెచ్చుకున్నారు. అది ఓపిక కాదు. ఏదైనా కావాలనిపించడమే ఆగిపోయింది. బోర్ కొట్టాలన్నా ముందు ఏదో ఒకటి కావాలనిపించాలి. మూడోవారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు కన్ను చూసి, నిద్ర గురించి, ఆకలి గురించి అడిగారు. పెద్ద ఆపరేషన్ల తర్వాత మనసు ఇలా కుంగడం ఉంటుందని, ఇంకో రెండు వారాలకు తేలికపడకపోతే మానసిక వైద్యుల్ని కలవాలని చెప్పారు. ఆ రెండు వారాలూ మా అమ్మాయి నన్ను రోజూ నడిపించింది.

చూపు పైనుంచి కిందికి వచ్చింది. బుడగ కరిగేకొద్దీ కంట్లో నీటిమట్టం లాంటి గీత ఒకటి ఊగుతూ కిందికి దిగుతుంది, దాని పైన లోకం కనిపిస్తుంది. ఐదోవారం ఆ గీత నడిమికి దిగిపోయిన రోజుల్లో ఒక సాయంత్రం కుర్చీలో అటూ ఇటూ కదిలి, కాళ్లు ఊపి, ఎవరితోనో తెలియకుండానే పైకే అనేశాను.

"అబ్బ, ఏం తోచట్లేదే!"

వంటింట్లోంచి మా అమ్మాయి పరుగున వచ్చింది. "ఏమన్నావమ్మా? మళ్లీ అను."

అన్నాను. తను నవ్వుతూ లోపలికెళ్లి ప్రూఫుల కట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది.