యూకే సీసీటీని కర్ణాటక రిజిస్టర్‌లో ఎక్కించుకోవడం: నా అనుభవం

గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి 2008లో ఇంగ్లండ్ వెళ్ళాను. అక్కడే అనస్థీషియాలో ట్రైనింగ్ పూర్తిచేశాను. 2018లో సీసీటీ, అంటే స్పెషాలిటీ ట్రైనింగ్ పూర్తయిందని ఇచ్చే సర్టిఫికెట్, చేతికొచ్చింది, ఆ తర్వాత కన్సల్టెంట్‌గా పనిచేశాను. 2024లో మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం కుదరడంతో పిల్లల్ని తీసుకుని వచ్చేశాం. వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి నన్ను తీసుకుంటామంది, కానీ ఒక షరతు పెట్టింది. కర్ణాటక మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో నా పేరు ఉండాలి, పేరు పక్కన నా స్పెషాలిటీ కూడా ఉండాలి. మొదటిది మాత్రమే ఉంటే ఎంబీబీఎస్ డాక్టరుగా పనిచేసుకోవచ్చు. రెండోది లేకుండా అనస్థీషియా స్పెషలిస్టునని చెప్పుకోవడానికి లేదు.

ఇంతకీ అక్కడి ఏ కాగితం ఇక్కడ చెల్లుతుంది? వచ్చేవాళ్ళలో చాలామందికి దీని మీదే స్పష్టత ఉండదు. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, యూకే, అమెరికా, ఈ ఐదు దేశాలిచ్చే పీజీ మెడికల్ అర్హతలను మన కేంద్ర ప్రభుత్వం 2008లో గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చి గుర్తించింది. వినగానే ఏది తెచ్చినా సరిపోతుందనిపిస్తుంది. అసలు మెలిక రెండో సగంలో ఉంది. ఆ అర్హత అదే దేశంలో, అదే స్పెషాలిటీలో డాక్టరుగా నమోదు కావడానికి చెల్లేదై ఉండాలి. నా దగ్గర ఎఫ్ఆర్‌సీఏ ఉంది. అది పాసవడానికి నేను పడ్డ పాట్లు మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అది రాయల్ కాలేజీ పెట్టే పరీక్ష. అది ఒక్కటే ఉంటే యూకేలో స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో పేరు ఎక్కదు. ట్రైనింగ్ మొత్తం అయ్యాక రాయల్ కాలేజీ సిఫారసు చేస్తే, జనరల్ మెడికల్ కౌన్సిల్, అంటే జీఎంసీ ఇచ్చే సీసీటీతో ఎక్కుతుంది. కాబట్టి ఇక్కడ పనికొచ్చేది ఆ ఒక్క షీటే.

నా సీనియర్ ఒకాయన ఎంఆర్‌సీపీ అనే మరో రాయల్ కాలేజీ పరీక్ష పాసై, యూకేలో ఏళ్ల తరబడి స్పెషాలిటీ డాక్టరుగా చేశారు. ట్రైనింగ్ ప్రోగ్రాంలో లేరు కాబట్టి సీసీటీ లేదు. అనుభవంలో నాకంటే ఎన్నో మెట్లు పైనున్న మనిషి. చెన్నై వచ్చి చూసుకుంటే రిజిస్టర్‌లో ఆయన ఇప్పటికీ ఎంబీబీఎస్సే. మీ దగ్గర సీసీటీ లేకపోతే, సామాను ప్యాక్ చేయకముందే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది. ఇక్కడికి వచ్చాక అనుభవం సర్టిఫికెట్లు ఎన్ని చూపించినా ఆ ఖాళీ పూడదు.

కాగితం సరైనదే ఉన్నా ఫారంలో పట్టదు. ఇది నేను ఊహించని తలనొప్పి. మన దగ్గర పీజీ అంటే ఒక కాలేజీ, మూడేళ్లు, యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ. దరఖాస్తులో గడులు కూడా దానికి తగ్గట్టే ఉన్నాయి: కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు, చేరిన సంవత్సరం, పాసైన సంవత్సరం. నేను ట్రైనింగ్ చేసింది అరడజనుకు పైగా ఆసుపత్రుల్లో, ఏడాదికో చోట. సీసీటీ ఇచ్చింది యూనివర్సిటీ కాదు, రెగ్యులేటర్. అంటే కౌన్సిలే. యూనివర్సిటీ గడిలో జీఎంసీ పేరు రాశాను. కాలేజీ గడిలో ట్రైనింగ్ ప్రోగ్రాం పేరు రాశాను. ప్రోగ్రాం ఏడేళ్లదనీ, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందనీ, ఏ అధికారంతో సీసీటీ ఇస్తారనీ చెప్పే ఉత్తరం ఒకటి రాయల్ కాలేజీ నుంచి ముందే తెప్పించుకున్నాను. దాన్ని, గెజిట్ నోటిఫికేషన్ ప్రింటుని ఫైలు పైనే పెట్టాను. యూకే పేరున్న వాక్యం కింద పసుపు హైలైటర్ గీశాను. కౌంటర్లో ఉన్నాయన ముందు చదివింది ఆ వాక్యమే.

తర్వాత ఆయన కంప్యూటర్లో జీఎంసీ వెబ్‌సైటు తెరిచి నా ఏడంకెల రిఫరెన్స్ నంబరు కొట్టారు. ఆ రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. నా పేరు, స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో అనస్థెటిక్స్ అన్న మాట, ఎక్కిన తేదీ కనిపించాయి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. తిరిగి వచ్చేవాళ్ళు ఏటా కట్టే ఫీజు ఎందుకులే అని జీఎంసీ నుంచి పేరే తీయించుకుంటారు. అప్పుడు ఇదే స్క్రీన్ మీద మీరు రిజిస్టర్‌లో లేరనే కనిపిస్తుంది. లైసెన్సు వదిలేసి రిజిస్ట్రేషన్ మాత్రం ఉంచుకునే వీలుంది, ఫీజు కూడా తక్కువ. ఇక్కడి పని పూర్తయ్యేదాకా అలా ఉంచుకోవడమే నయం.

ఇక పేర్లు. టెన్త్ సర్టిఫికెట్లో నేను కె. లక్ష్మీ ప్రసన్న. ఎంబీబీఎస్ డిగ్రీలో లక్ష్మీ ప్రసన్న కె. మొదటి పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, పూర్తిగా రాశారు. పెళ్లయ్యాక వీసా పనులకు సులువుగా ఉంటుందని పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరు పెట్టించుకున్నాను, జీఎంసీలోనూ అలాగే మార్పించాను. అందుకని సీసీటీలో ఉన్న మనిషికీ ఎంబీబీఎస్ డిగ్రీలో ఉన్న మనిషికీ లక్ష్మీ ప్రసన్న అన్న రెండు ముక్కలు తప్ప ఇంకేమీ కలవదు.

“మేడం, ఈ కె అంటే మీ తండ్రి పేరా?” అని అడిగారు కౌంటర్లో. కన్నడ యాస ఉన్న తెలుగే, బెంగళూరులో మామూలే. ఆయన అనుమానం సబబే. ఇక్కడా, తమిళనాడులోనూ ఇనిషియల్ అంటే తరచూ తండ్రి పేరో ఊరి పేరో అవుతుంది. మా నాన్న పేరు వెంకటేశ్వర్లు. కె ఎక్కడిదన్నట్టు చూశారు. “మాకు ఇంటిపేరు ముందుంటుందండీ, కె అదే” అన్నాను. ఆయన తల ఊపారు గానీ, తల ఊపితే ఫైలు కదలదు కదా.

పని చేసింది అఫిడవిట్. అయితే “పై పేర్లన్నీ ఒకే వ్యక్తివి” అని ఒక్క ముక్కలో రాసే మామూలు నమూనా కాదు. ఇ-స్టాంప్ పేపరు మీద పట్టికలా రాయించాను. ఒక్కో వరుసలో ఒక్కో పత్రం: దాని నంబరు, తేదీ, అందులో పేరు అచ్చయిన తీరు చుక్కతో, ఖాళీతో సహా ఉన్నదున్నట్టుగా. ఇనిషియల్ ఇంటిపేరుగా ఎక్కడ విడిపడిందో మొదటి పాస్‌పోర్టు చెబుతుంది. ఇంటిపేరు ఎక్కడ మారిందో మ్యారేజ్ సర్టిఫికెట్ చెబుతుంది. ఈ రెండూ జతచేస్తే టెన్త్ నుంచి సీసీటీ దాకా గొలుసు తెగకుండా ఉంటుంది. పాత పాస్‌పోర్టు పారేయకుండా ఉంచినందుకు మా అమ్మకు దణ్ణం పెట్టాలి. నోటరీ దగ్గరకెళ్ళే ముందే ఆ పట్టికను ఒరిజినల్స్ పక్కన పెట్టుకుని ఎవరిచేతనైనా చదివించండి. ప్రసన్నలో ఒక ఎన్ తగ్గినా మళ్ళీ మొదటికే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఏది ముందు ఏది తర్వాత అన్నది ఇంకో ఎత్తు. ఎంబీబీఎస్ అయ్యాక నా రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో ఉంది. రాష్ట్రం మారాలంటే అక్కడి నుంచి ఎన్ఓసీ రావాలి. నా రిజిస్ట్రేషన్ గడువు ఏనాడో దాటిపోయింది, కాబట్టి ముందు రెన్యూవల్, ఆ తర్వాతే ఎన్ఓసీ. ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ, అంటే డాక్టర్లకు జరిపే నిరంతర శిక్షణ, చూపించాలనే నియమం ఉంది, దానికోసం కాన్ఫరెన్సులకు తిరిగాను. విజయవాడ పనులు చాలావరకు మా మావయ్య చూశాడు. ఎంబీబీఎస్ డిగ్రీ అసలైనదేనని యూనివర్సిటీ ఇచ్చే ధ్రువీకరణ కూడా ఆయనే తెచ్చాడు. ఆ యూనివర్సిటీకి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. నా డిగ్రీ మీద ఎన్టీఆర్, మావయ్య తెచ్చిన ఉత్తరం మీద వైఎస్సార్. ఆ ఉత్తరం బెంగళూరు చేరేసరికి బోర్డు మళ్ళీ మారింది. “అమ్మాయ్, ఇదేమన్నా నా చేతుల్లో ఉందా?” అన్నాడు ఫోన్లో. రెండు యూనివర్సిటీలు కాదు, ఒకటే అని ఒక పేరా రాసి ఫైలుకు తగిలించాను.

ఈ వరుసలో గడియారం చూసుకోవాల్సింది జీఎంసీ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ విషయంలో. మీ మీద క్రమశిక్షణ చర్యలేమీ లేవని చెప్పే కాగితం అది. మీ చేతికి ఇవ్వరు, మీరు చెప్పిన కౌన్సిల్‌కు నేరుగా పంపుతారు. మూడు నెలలే చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో ఉండగానే అడిగి పెట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పటికి కర్ణాటకలో మీ ఫైలే లేకపోతే ఆ మెయిలు ఎవరిదో ఎవరికీ తెలియదు, ఎన్ఓసీ వచ్చేలోపు గడువూ తీరిపోతుంది. చెన్నైలో రేడియాలజీ చేస్తున్న నా క్లాస్‌మేటు దీన్ని ముందే హెచ్చరించింది. ఎన్ఓసీ చేతికొచ్చి, ఇక్కడ దరఖాస్తు నంబరు పడ్డాకే అడిగాను, ఆ నంబరు కూడా జీఎంసీకి రాశాను. దీనికి పూర్తిగా వ్యతిరేకం అపోస్టిల్, అంటే పత్రం వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ముద్ర. సీసీటీ కాపీని అక్కడి సొలిసిటర్ చేత ధ్రువీకరించి, మిల్టన్ కీన్స్‌లోని లీగలైజేషన్ ఆఫీసు ముద్ర వేయించుకోవడం వచ్చేముందే చేసేయాలి. దానికి గడువు బెడద లేదు. ఇక్కడి నుంచి చేయించాలంటే కొరియర్లూ ఎదురుచూపులూ తప్పవు.

ముందు ఎంబీబీఎస్‌తో కర్ణాటక నంబరు వచ్చింది, స్పెషాలిటీ ఫైలు పరిశీలనకు వెళ్ళింది. ఆ మధ్యకాలంలో ఆసుపత్రి నన్ను డ్యూటీ డాక్టరుగా తీసుకుంది. థియేటర్లో నాకంటే చిన్నవాళ్ళు సంతకం పెట్టే చోట నేను పెట్టకుండా పక్కన నిలబడ్డాను. కొంచెం చివుక్కుమనేది. పద్ధతిగా చూస్తే అదే సరి. ఏదైనా తేడా వస్తే కోర్టు అడిగేది రిజిస్టర్‌లో ఏముందనే.

చివరికి అదనపు అర్హత ఎక్కింది. సర్టిఫికెట్లో ఉన్నది సీసీటీ, అనస్థెటిక్స్, యూకే అని. ఎండీ అని కాదు. హెచ్ఆర్ వాళ్ళు అప్పటికే నా బోర్డు మీద ఎండీ అని కొట్టించేశారు, పేషెంట్లకు అర్థమవుతుందని వాళ్ళ ఉద్దేశం. రిజిస్టర్‌లో ఏది ఉంటే అదే రాయాలని చెప్పి బోర్డు మార్పించాను. ప్రిస్క్రిప్షన్ ప్యాడ్లు కూడా మళ్ళీ అచ్చు వేయించారు. అప్పుడప్పుడూ ఏ పేషెంటు బంధువో “సీసీటీ అంటే ఏంటి మేడం, డిప్లొమానా?” అని అడుగుతుంటారు.